ఏప్రిల్ 1 నుంచి బ్యాంకు నిల్వ రెట్టింపు కనబడుతోంది: సంవత్సరాంత ముగింపులో తప్పు ఎక్కడ జరిగింది?

నాగేశ్వర్, పీణ్య · 8 జూలై 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూస్తున్నాను. మే నెలలో చేరాను. నాకు ముందు ఈ పని చూసినవారు ఏప్రిల్ చివర మానేశారు, ఇప్పుడు ఫోనుకు దొరకడం లేదు. కంపెనీ 2024 ఏప్రిల్ 1న టాలీ నుంచి ఈఆర్‌పీ నెక్స్ట్‌కు మారింది. అంటే 2024-25 ఇందులో మాకు మొదటి పూర్తి సంవత్సరం.

ఇబ్బంది ఇది. 2025 మార్చి 31 నాటికి మా బ్యాంకు నిల్వ 6,10,000 రూపాయలు, అది బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోయింది. కొత్త సంవత్సరానికి అంకణా తీస్తే అదే ఖాతా ప్రారంభ నిల్వ 12,20,000గా వస్తోంది. బాకీదారులు 18,40,000 ఉండవలసిన చోట 36,80,000 ఉన్నారు. హోసూరులోని ఒక కస్టమరు నిన్న ఫోను చేసి, మేము పంపిన బాకీ పట్టీలో తమ బాకీ రెండుసార్లు వేశామని అడిగారు. సరుకు నిల్వ మాత్రం 11,50,000గా సరిగానే ఉంది. విచిత్రమేమిటంటే అంకణా రెండు వైపులా సమానంగానే ఉంది.

ఆస్తి అప్పుల పట్టీలో `Unclosed Fiscal Years Profit / Loss (Credit)` అనే వరుసలో 7,40,000 కనబడుతోంది. అది నిరుటి లాభం. `Period Closing Voucher` ఇంతవరకు వేయలేదు. ఆడిటరు ఇంకా సంతకం చేయలేదు. ఇప్పుడు ఆ వోచరు వేస్తే నిల్వలు సరిపోతాయా?

---

శాస్త్రి, తెనాలి (ప్రస్తుతం జయనగర) · 8 జూలై, ఉదయం 11:40

నాగేశ్వర్ బాబూ, నేను చిక్కపేటలోని ఒక బట్టల కొట్టులో ముప్పయ్యేళ్లు ఆవర్జాలు రాసినవాణ్ణి. ఉగాది దాటగానే కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, పాత ఆవర్జాలోని ప్రతి నిల్వను చేత్తో కొత్త పుటలోకి ఎత్తి రాసేవాళ్లం. ఆస్తులూ అప్పులూ ఎత్తి రాస్తాము, జీతాలూ అద్దెలూ అమ్మకాలూ ఎత్తము, అవి లాభనష్టాల ఖాతాలో కలిసిపోయి అక్కడితో ముగుస్తాయి. సూత్రం ఇంతే, కంప్యూటరైనా కాగితమైనా.

మీ సంగతిలో ఆ ముగింపు జరగలేదు. మార్చి 31 రాత్రికే ముగించి ఉండవలసింది. ముగించకుండా కొత్త సంవత్సరంలో పద్దులు వేస్తే పాతదీ కొత్తదీ కలిసిపోయి రెట్టింపు కాక ఏమవుతుంది? ఆ వోచరు ఈ రోజే వేయండి, అన్నీ సర్దుకుంటాయి.

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 8 జూలై, మధ్యాహ్నం 12:25

శాస్త్రి గారు చెప్పిన సూత్రం అక్షరాలా నిజం. దాని నుంచి మీ ఇబ్బందికి తీసిన కారణం మాత్రం సరికాదని నాకు అనిపిస్తోంది. నాగేశ్వర్ గారూ, దయచేసి ఆ వోచరు ఈ రోజు వేయకండి.

నేను ఎనిమిదేళ్లుగా చిన్న కర్మాగారాలలో ఈ సాఫ్ట్‌వేరును ఏర్పాటు చేస్తున్నాను. ఇందులో సంవత్సరానికి ఒక పుస్తకం అనే ఏర్పాటు లేదు. బ్యాంకు ఖాతా మొదటి పద్దు నుంచి నేటి వరకు ఒకే పొడవాటి ఆవర్జాగా ఉంటుంది. ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వ కావాలని అడిగితే, అంతకుముందు తేదీల పద్దులన్నీ కూడి చూపిస్తుంది. అందువల్ల ఆస్తులను, అప్పులను ముందుకు తీసుకువెళ్లడానికి ఎవరూ ఏమీ చేయవలసిన పని లేదు. `Period Closing Voucher` చేసేది ఆదాయ వ్యయ ఖాతాలను మార్చి 31 తేదీతో సున్నా చేసి, తేడాను మిగులు ఖాతాకు పంపడం ఒక్కటే. అది బ్యాంకు ఖాతాను తాకనే తాకదు. ఇప్పుడు వేస్తే ఆ 7,40,000 `Unclosed` వరుస నుంచి మిగులులోకి వెళ్తుంది, బ్యాంకు 12,20,000గానే ఉంటుంది.

ఒక్క పని చేయండి. బ్యాంకు ఖాతాకు `General Ledger` నివేదిక తెరిచి, `Show Opening Entries` కూడా ఎంచుకుని, 2025 ఏప్రిల్ 1న 6,10,000 డెబిట్ ఏ వోచరుతో పడిందో చూడండి. అటువంటిది ఒకటి ఉండి తీరాలి. సరుకు నిల్వ మాత్రం రెట్టింపు కాలేదన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం కలిగింది.

---

మురళి, మారతహళ్లి · 8 జూలై, మధ్యాహ్నం 1:05

మాకూ ఇదే సమస్య వచ్చింది. కొత్త సంవత్సరంలో ఇన్‌వాయిస్ సంఖ్యలు పాతవాటి కొనసాగింపుగా వస్తుంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడానికి వరుసను మార్చాము. పేరులో `.FY.` పెడితే 2025-2026 అని పూర్తిగా వస్తుంది, దానికి ముందు అక్షరాలు, వెనుక అయిదంకెల సంఖ్య చేరిస్తే జీఎస్టీ నిబంధన ఒప్పుకునే పదహారు అక్షరాలు దాటిపోతుంది. మీరు కూడా జాగ్రత్తగా చూసుకోండి.

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 8 జూలై, మధ్యాహ్నం 1:20

మురళి గారూ, మీ మాట నిజమే కాని నాగేశ్వర్ గారు అడిగినది నిల్వల గురించి, సంఖ్యల వరుస గురించి కాదు. ఆ పదహారు అక్షరాల సంగతిపై వేరుగా ఒక చర్చ మొదలుపెట్టండి, చాలామందికి అవసరం.

---

నాగేశ్వర్, పీణ్య · 8 జూలై, సాయంత్రం 5:48

దొరికింది మేడమ్. 2025 ఏప్రిల్ 1 తేదీతో ఒక `Journal Entry` ఉంది. `Entry Type` దగ్గర `Opening Entry` అని ఉంది. వివరణలో "ప్రారంభ నిల్వలు 2025-26" అని రాశారు. బాకీదారులను, అప్పులవాళ్లను పేరుపేరునా విడదీసి తొంభై వరుసలు వేశారు. మొత్తాలు కూడితే ఇలా వచ్చింది:

```
యంత్రాలు (తరుగుదల పోను)   డెబిట్   42,00,000
బాకీదారులు                డెబిట్   18,40,000
బ్యాంకు                   డెబిట్    6,10,000
Temporary Opening         డెబిట్   11,50,000
వాటా మూలధనం               క్రెడిట్  20,00,000
మిగులు                    క్రెడిట్  23,40,000
బ్యాంకు రుణం              క్రెడిట్  22,00,000
సరుకు ఇచ్చినవారు          క్రెడిట్  12,60,000
```

నిరుడు ఏప్రిల్‌లో టాలీ నుంచి మారినప్పుడు కన్సల్టెంటు వేసిన వోచరు కూడా తెరిచి చూశాను. అచ్చం ఇదే రూపంలో ఉంది. పాత ఆయన ఇది ప్రతి ఏప్రిల్‌లోనూ చేయవలసిన పని అనుకున్నట్టున్నారు.

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 8 జూలై, రాత్రి 9:10

ఆయనను తప్పు పట్టలేము. చూసింది ఒకేసారి, చూసినదే మళ్లీ చేశారు. ఆ `Opening Entry` వేరే సాఫ్ట్‌వేరు నుంచి ఇందులోకి అడుగుపెట్టే రోజున, కంపెనీ జీవితంలో ఒక్కసారి మాత్రమే వేయవలసినది.

మీ అంకెలను వరుసగా చూస్తే అంతా తెలిసిపోతుంది. మార్చి 31న అసలు మిగులు 16,00,000, అది పాత సంవత్సరాలది. నిరుటి లాభం 7,40,000 ఇంకా అందులో చేరలేదు. ఆయన రెండూ కలిపి 23,40,000ను కొత్తగా క్రెడిట్ చేశారు. కాబట్టి ఇప్పుడు మీ మిగులు 39,40,000గా, దాని కింద విడిగా మరో 7,40,000గా కనబడుతూ ఉండాలి. సరుకు ఖాతాను జర్నల్ ద్వారా మార్చబోతే ఈ సాఫ్ట్‌వేరు `can only be updated via Stock Transactions` అని చెప్పి ఆపేస్తుంది, ఎందుకంటే ఆ ఖాతా గోదాము పద్దులతో ముడిపడి ఉంటుంది. ఆయనకు ఆ 11,50,000 ఎక్కడా పెట్టడానికి వీలు కాక `Temporary Opening`లో పెట్టి ఊరుకున్నారు. సరుకు రెట్టింపు కాకపోవడానికి కారణం అదే.

అంకణా సమానంగా ఎందుకుందంటే, 78,00,000 దగ్గర సమానంగా ఉన్న నిల్వల మీద మరో 78,00,000కు సమానమైన వోచరు పడింది. రెండూ సమానమే, కలిపినా సమానమే. ఇటువంటి తప్పును అంకణా ఎన్నటికీ పట్టదు. పట్టేవి మూడు: బ్యాంకు సరిపోలిక, కస్టమరు ఫోను, `Temporary Opening` ఖాతా. మొదటి మార్పిడి ముగిశాక ఆ మూడో ఖాతా సున్నాగా ఉండాలి, ఆ తరువాత ఎప్పుడూ సున్నాగానే ఉండాలి. అందులో ఒక్క రూపాయి కనబడినా ఎవరో ప్రారంభ నిల్వలను మళ్లీ ముట్టుకున్నారని అర్థం.

---

వాణి, వైట్‌ఫీల్డ్ · 9 జూలై, ఉదయం 8:30

నేను పెద్ద కంపెనీలో శాప్ మీద పనిచేస్తాను. మాకు ఈ రెట్టింపు బాధ రాదు కాని, ఇంతకంటే మెల్లగా దెబ్బ తీసే మరొకటి వచ్చింది. నాగేశ్వర్ గారు ముగింపు వోచరు వేసేముందు అది తమ దగ్గర కూడా ఉందేమో చూసుకోవడం మంచిదని చెబుతున్నాను.

మా దగ్గర `FAGLGVTR` నడిపితే ఆస్తి అప్పుల ఖాతాల నిల్వలు అవే ఖాతాలలో కొత్త సంవత్సరపు సున్నా పీరియడ్‌లోకి వెళ్తాయి. ఆదాయ వ్యయ ఖాతాలు సున్నాతో మొదలవుతాయి, వాటి నికరం `OB53`లో చెప్పిన మిగులు ఖాతాలోకి వెళ్తుంది. ఎన్నిసార్లయినా మళ్లీ నడపవచ్చు. ఒకసారి నడిపిన తరువాత పాత సంవత్సరంలో ఏ పద్దు వేసినా కొత్త సంవత్సరపు ప్రారంభ నిల్వ దానంతట అదే మారుతుంది. ఆడిటరు చెప్పిన సర్దుబాట్లు మేము పదమూడో పీరియడ్‌లో వేస్తాము, అవి కూడా అలాగే ముందుకు వెళ్తాయి. శాస్త్రి గారన్న మార్చి 31 రాత్రి గడువు మాకు కూడా లేదు.

మా దెబ్బ వేరు. చెల్లించవలసిన రవాణా ఖర్చుల ఖాతాను తెరిచినప్పుడు ఎవరో దానిని అప్పుగా కాక వ్యయంగా గుర్తించారు. మార్చిలో రవాణా వ్యయానికి డెబిట్ వేసి దానికి క్రెడిట్ వేశారు. రెండూ వ్యయ ఖాతాలే కాబట్టి ఒకదానినొకటి కొట్టేసుకున్నాయి, ఆ సంవత్సరం ఆ ఖర్చే లేనట్టయింది. నిల్వలు ముందుకు వెళ్లినప్పుడు ఆ క్రెడిట్ అప్పుగా మిగలకుండా మిగులులో కలిసిపోయింది. ఏప్రిల్‌లో డబ్బు చెల్లించగానే ఆ ఖాతా పెద్ద డెబిట్‌తో కొత్త సంవత్సరపు వ్యయాలలో తేలింది. నిల్వలను ముందుకు పంపే కార్యక్రమానికి ఖాతా పేరు తెలియదు, దాని రకం ఒక్కటే తెలుసు.

---

శాస్త్రి, తెనాలి (ప్రస్తుతం జయనగర) · 9 జూలై, ఉదయం 9:15

వాణి అమ్మా, ఇది బాగా చెప్పావు. ఆవర్జాలో అయితే ఆ పుట మీద "చెల్లించవలసినది" అని చదివి చేత్తో ఎత్తి రాసేవాళ్లం, రకం ఏదని ఎవరూ అడిగేవారు కాదు. రాజేశ్వరి గారూ, నిన్న నేను తొందరపడి కారణం చెప్పాను. ఆ వోచరు వేసి ఉంటే ఈయన మరింత చిక్కులో పడేవారు. కాని మార్చి 31 తరువాత పాత సంవత్సరంలోకి ఎవరుపడితే వారు పద్దులు వేస్తూ పోవడం నాకు ఇప్పటికీ నచ్చదు. తలుపు తెరిచి ఉంచితే పిల్లి రాకుండా ఉంటుందా?

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 9 జూలై, ఉదయం 10:02

తలుపు మూయడం వేరు, లెక్క ముగించడం వేరు శాస్త్రి గారూ. మూయడానికి `Accounts Frozen Till Date` అని ఒక తేదీ పెట్టే చోటు ఉంది. అక్కడ మార్చి 31 పెట్టి, పద్దు వేయగలిగే అధికారం ఒక్కరికే ఇస్తే సరిపోతుంది. నా అభిప్రాయంలో ఇది ఏప్రిల్ మధ్యకల్లా జరగాలి. ముగింపు వోచరు మాత్రం ఆడిటరు సర్దుబాట్లన్నీ పడ్డాక వేయడం మేలు. కంపెనీల వార్షిక సమావేశానికి సెప్టెంబరు 30 వరకు సమయం ఉంటుంది కాబట్టి చాలాచోట్ల అది ఆగస్టులోనో సెప్టెంబరులోనో పడుతుంది. ఈలోగా కొత్త సంవత్సరపు పని ఏదీ ఆగదు, కొత్త `Fiscal Year` రికార్డు ఉంటే చాలు. అది లేకపోతే మాత్రం ఏప్రిల్ 1న మొదటి ఇన్‌వాయిస్ దగ్గరే సాఫ్ట్‌వేరు ఆగిపోతుంది.

నాగేశ్వర్ గారూ, వాణి గారు చెప్పినది మీ దగ్గర చూశారా? `Chart of Accounts`లో వ్యయాల కొమ్మ విప్పి, ఆ కింద క్రెడిట్ నిల్వతో ఉన్న ఖాతాలు ఏవో చూడండి. వ్యయ ఖాతాకు సాధారణంగా క్రెడిట్ నిల్వ ఉండదు.

---

నాగేశ్వర్, పీణ్య · 9 జూలై, మధ్యాహ్నం 3:33

చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. "చెల్లించవలసిన కూలీలు" అనే ఖాతా వ్యయాల కింద, కూలీల ఖాతా పక్కనే ఉంది. మార్చి 31న అందులో 3,20,000 క్రెడిట్ ఉంది. ఏప్రిల్ 7న కూలీలు చెల్లించినప్పుడు అదే ఖాతాకు డెబిట్ వేశారు. ఏప్రిల్ లాభనష్టాల నివేదికలో కూలీలు అంత ఎక్కువగా ఎందుకున్నాయని యజమాని గారు అడిగితే, కొత్తగా నలుగురిని తీసుకున్నాం కదా అని నేనే సమాధానం చెప్పాను.

అంటే మా 7,40,000 లాభం తప్పేనా?

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 9 జూలై, సాయంత్రం 6:50

తప్పే. మార్చి కూలీ వ్యయం నిరుటి లెక్కలో పడనే లేదు. నిరుటి నిజమైన లాభం, పన్నుకు ముందు, 7,40,000లో నుంచి 3,20,000 తీసివేస్తే వచ్చే 4,20,000. ఆ తీసేసిన 3,20,000 అప్పుల వైపు నిలబడాలి. కూడి చూసుకోండి: మూలధనం 20,00,000, పాత మిగులు 16,00,000, లాభం 4,20,000, బ్యాంకు రుణం 22,00,000, సరుకు ఇచ్చినవారు 12,60,000, కూలీలు 3,20,000. మొత్తం 78,00,000. ఆస్తుల వైపు కూడా అంతే.

నేనయితే ఆ ఖాతాను ఉన్నచోటి నుంచి పీకి అప్పుల కొమ్మకు తగిలించను. ఏడాది పద్దులన్నీ దానితోపాటు కదులుతాయి, ఆడిటరుకు ఇచ్చిన పాత కాగితాలతో పోల్చి చూడటం కష్టమవుతుంది. చలామణి అప్పుల కింద కొత్త ఖాతా తెరిచి రెండు జర్నల్ పద్దులు వేస్తాను:

```
31-03-2025  చెల్లించవలసిన కూలీలు (పాతది)   డెబిట్   3,20,000
            చెల్లించవలసిన కూలీలు (కొత్తది)  క్రెడిట్  3,20,000

07-04-2025  చెల్లించవలసిన కూలీలు (కొత్తది)  డెబిట్   3,20,000
            చెల్లించవలసిన కూలీలు (పాతది)   క్రెడిట్  3,20,000
```

మొదటిది నిరుటి లాభాన్ని సరిచేస్తుంది. రెండోది ఈ ఏటి వ్యయాల మీద అన్యాయంగా పడిన భారాన్ని తీసేస్తుంది. తరువాత పాత ఖాతాలో ఇతర నెలల పద్దులేమైనా మిగిలాయేమో చూసి, దానిని వాడకుండా ఆపేయండి.

ఆపైన ముగింపు వోచరు. `Closing Account Head` దగ్గర మీ మిగులు ఖాతానే ఇవ్వండి. అది అప్పు లేదా మూలధనం రకానిది కాకపోతే ఒప్పుకోదు. వోచరు పడ్డాక 4,20,000 మిగులులో చేరి అది 20,20,000 కావాలి, ఆస్తి అప్పుల పట్టీలో `Unclosed` అనే వరుస మాయమవ్వాలి. నిరుటి లాభనష్టాల నివేదిక తీస్తే అమ్మకాలు, ఖర్చులు మునుపటిలాగే కనబడతాయి, ఖాతాలు సున్నా అయ్యాయని కంగారు పడకండి. ఆ నివేదిక ముగింపు పద్దులను పక్కన పెట్టి లెక్క కడుతుంది. తరువాత ఆడిటరు ఇంకొక సర్దుబాటు చెబితే వోచరును రద్దు చేసి, పద్దు వేసి, మళ్లీ కొత్త వోచరు వేయాలి. వాణి గారి శాప్‌లోలాగా ఇది దానంతట అదే ముందుకు పారదు.

ఇక ఆ రెట్టింపు వోచరు. దానిని ముగింపు వోచరుకు ముందే తీసేయాలి. నేను రద్దు చేయమంటాను.

---

పద్మజ, కోరమంగళ · 9 జూలై, రాత్రి 8:15

నేను ఒక ఆడిట్ సంస్థలో పనిచేస్తాను. ఇక్కడ రాజేశ్వరి గారితో నాకు పూర్తిగా ఏకీభావం లేదు.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పుకూ జాడ ఉండాలి, ఆ జాడను ఆపే వీలు ఉండకూడదు. రద్దు చేసిన వోచరు కూడా రద్దు ముద్రతో అలాగే ఉంటుంది కాబట్టి రద్దు చట్టవిరుద్ధం కాదు, తుడిచివేయడమే కూడదు. కాని మూడు నెలలపాటు ఈ వోచరు మీద ఆధారపడి నివేదికలు బయటికి వెళ్లాయి. రద్దు చేస్తే ఏప్రిల్ నాటి నివేదిక ఈ రోజు తీస్తే మరోలా వస్తుంది, నాడు ఎందుకలా ఉందో చెప్పడానికి జాడ వెతుక్కోవాలి. దానికి ఎదురు పద్దు ఒకటి వేసి, ఎందుకు వేశారో వివరణ రాస్తే, తప్పూ దిద్దుబాటూ రెండూ ఆవర్జాలోనే పక్కపక్కన కనబడతాయి. నాకు ఆ పద్ధతి ఇష్టం.

ఎదురు పద్దు వేస్తే ఒక జాగ్రత్త ఉంది. అది కూడా `Opening Entry`గానే ఉండాలి. మామూలు పద్దుగా వేస్తే ప్రారంభ నిల్వల వరుసలో రెట్టింపు అంకె అలాగే నిలిచి, ఏప్రిల్ వ్యవహారాలలో 6,10,000 క్రెడిట్ పడినట్టు కనబడుతుంది.

అన్నట్టు, నాగేశ్వర్ గారూ, మీకు బ్యాంకు రుణం ఉందన్నారు. ప్రతి నెలా బ్యాంకుకు సరుకు, బాకీల పట్టీ ఇస్తున్నారా?

---

వాణి, వైట్‌ఫీల్డ్ · 9 జూలై, రాత్రి 9:02

ఎదురు పద్దు పెద్ద కంపెనీకి బాగుంటుంది. ఇక్కడ తొంభై వరుసలు, ప్రతి బాకీదారు పేరునా ఒక తప్పు డెబిట్, ఒక ఎదురు క్రెడిట్. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి జతచేయకపోతే బాకీల వయసు పట్టీలో ఏళ్ల తరబడి వేలాడుతూ ఉంటాయి. పైగా కొత్త వెర్షన్లలో ముగింపు వోచరు పడిన తరువాత `Opening Entry` వేయనివ్వదని విన్నాను. ఈ ఒక్క సందర్భంలో నా ఓటు రద్దుకే.

---

నాగేశ్వర్, పీణ్య · 10 జూలై, ఉదయం 11:20

పద్మజ గారూ, మీ ప్రశ్న చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఏప్రిల్ నెల పట్టీని పాత ఆయనే ఇచ్చారు, అందులో బాకీదారులు రెట్టింపు నిల్వతోనే ఉన్నారు. మే, జూన్ పట్టీలు నేను ఇన్‌వాయిస్‌ల నుంచి విడిగా తయారుచేశాను కాబట్టి అవి సరిగా ఉన్నాయి. ఏప్రిల్ నుంచి మేకు బాకీలు సగానికి పడిపోయినట్టు కనబడినా బ్యాంకువారు ఇంతవరకు ఏమీ అడగలేదు.

---

పద్మజ, కోరమంగళ · 10 జూలై, మధ్యాహ్నం 12:45

వారు అడిగేదాకా ఆగకండి. సవరించిన ఏప్రిల్ పట్టీని కారణం రాసిన ఉత్తరంతో కలిపి, యజమాని గారి సంతకంతో ఇవ్వండి. ఆ నెలలో రెట్టింపు బాకీల ఆధారంగా పరిమితికి మించి డబ్బు వాడి ఉంటే అదొక ప్రశ్న, వాడకపోతే ఉత్తరంతో ముగిసే అవకాశం ఎక్కువ. చలామణి ఆస్తుల హామీ మీద రుణం తీసుకున్న కంపెనీలు, బ్యాంకుకు మూడు నెలలకొకసారి ఇచ్చిన పట్టీలు తమ లెక్కలతో సరిపోయాయో లేదో వార్షిక లెక్కలలో చెప్పవలసి ఉంటుంది. ఏప్రిల్‌ది ఈ సంవత్సరపు వెల్లడిలోకి వస్తుంది.

రద్దా, ఎదురు పద్దా అన్నది మీ ఆడిటరును అడిగి, ఆయన మాటను మెయిలులో తీసుకోండి. నా మొగ్గు ఎదురు పద్దుకే, కాని వాణి గారు చెప్పిన వేలాడే వరుసల ఇబ్బందిని కాదనలేను.

---

నాగేశ్వర్, పీణ్య · 14 జూలై, సాయంత్రం 7:05

జరిగినది చెబుతాను. ఆడిటరు గారు రద్దుకే ఒప్పుకున్నారు. రద్దుకు ముందు తీసిన అంకణా, దాని తరువాత తీసినది రెండూ ముద్రించి ఫైలులో పెట్టమన్నారు. కూలీల పద్దులు రెండూ వేశాను. బ్యాంకుకు ఉత్తరం శుక్రవారం ఇచ్చాము.

రద్దు మాత్రం ఇంకా చేయలేకపోయాను. ఏప్రిల్, మే నెలల్లో డబ్బు కట్టిన ఏడుగురు కస్టమర్ల వసూళ్లను, పాత ఆయనో నేనో, అసలు ఇన్‌వాయిస్‌లకు కాక ఆ రెట్టింపు వోచరు వరుసలకు జతచేశాము. తెర మీద బాకీ అని కనబడింది, జతచేశాము. హోసూరు కస్టమరు అందులో ఒకరు: ఆయన 2,15,000 మొత్తం కట్టేశారు, అయినా అసలు ఇన్‌వాయిస్ బాకీగానే ఉంది.

---

రాజేశ్వరి, మల్లేశ్వరం · 14 జూలై, రాత్రి 8:30

మంచిపని, ముందే చూశారు. `Accounts Settings`లో `Unlink Payment on Cancellation of Invoice` అనేది పెట్టి ఉంటే రద్దుతోపాటే జతలు విడిపోవచ్చు. నేను మాత్రం దానిని నమ్ముకోను. ఏడు వసూళ్లే కదా, ఒక్కొక్కటి తెరిచి చేత్తో విడదీయండి. వోచరును రద్దు చేశాక `Payment Reconciliation`లో ఒక్కొక్క కస్టమరు పేరు పెట్టి అసలు ఇన్‌వాయిస్‌కు జతచేయండి. అప్పుడు బాకీల వయసు పట్టీ మొత్తం, ఆవర్జాలోని బాకీదారుల నిల్వ ఒక్కటిగా రావాలి. రాకపోతే ఆ తేడా అంకెను ఇక్కడ రాయండి.

సరుకు ఇచ్చినవారి వైపు కూడా ఇలాంటి జతలు ఉన్నాయా?

---

నాగేశ్వర్, పీణ్య · 14 జూలై, రాత్రి 9:14

అటువైపు ఇంకా చూడలేదు మేడమ్. రేపు పొద్దున మొదట అదే చూస్తాను. ముగింపు వోచరు అంతవరకు వేయను.